అందరికంటే ముందు ఇచ్చిన బ్యాగు అందరికంటే వెనుక ఎందుకు వస్తుంది?

ప్రశ్న: "చెక్-ఇన్‌లో ఇచ్చిన బ్యాగు ఆ తర్వాత ఎక్కడెక్కడికి వెళ్తుంది? దిగాక బెల్టు మీదకు రావడానికి మామూలుగా ఎంత సమయం పడుతుంది? నేను ప్రతిసారీ రెండున్నర గంటల ముందే వెళ్లి బ్యాగు ఇస్తాను. అయినా నాదే చివర వస్తోంది. కారణం ఏమైనా ఉందా, లేక నా అదృష్టమా?"

కారణం ఉందండి. చాలా ముందుగా ఇవ్వడమే అందులో ఒకటి.

మన దేశీయ విమానాల్లో బ్యాగులను మనుషులే ఒక్కొక్కటిగా చేత్తో లోపలికి ఎక్కిస్తారు. ముందు వచ్చినవి లోపలి గోడ దాకా వెళ్తాయి, చివర వచ్చినవి తలుపు దగ్గర ఉంటాయి. దించేటప్పుడు తలుపు దగ్గరివే ముందు దిగుతాయి. అయితే వరస ఇక్కడితో తేలిపోదు. దారిలో ఇంకా రెండు మూడు చోట్ల తారుమారవుతుంది, అదంతా కింద చెబుతాను. ఇక సమయం సంగతి: దేశీయ విమానమైతే ఇంజన్లు ఆగిన పది పదిహేను నిమిషాలకు మొదటి బ్యాగు, అరగంటలోపు చివరి బ్యాగు రావాలి. పెద్ద అంతర్జాతీయ విమానమైతే ఇరవై నిమిషాల నుంచి ముప్పావు గంట వరకు పట్టడం మామూలే.

నేను శంషాబాద్ విమానాశ్రయంలో పద్నాలుగేళ్లు పనిచేశాను. మొదటి నాలుగేళ్లు లోడర్‌గా బ్యాగులు మోశాను, ఆ తర్వాత ర్యాంప్ మీద, అంటే విమానాలు ఆగే చోట, బ్యాగుల విభాగంలో సూపర్‌వైజరుగా ఉన్నాను. కాబట్టి కింద రాసేది చాలావరకు నేను చేసిన పని, చూసిన పని.

మీరు బ్యాగు ఇవ్వగానే కౌంటరులో ఉన్న అమ్మాయి దానికి ఒక పొడవాటి కాగితపు ట్యాగు కడుతుంది. ఆ ట్యాగు మీద పది అంకెల సంఖ్య ఉంటుంది. మొదటి అంకె ఆ ట్యాగు ఏ రకమో చెబుతుంది, మామూలు బ్యాగుకు అది చాలావరకు సున్నా. తర్వాతి మూడు అంకెలు విమాన సంస్థవి. ఎయిరిండియాకు 098, ఇండిగోకు 312. మిగిలిన ఆరు మీ బ్యాగు వరస సంఖ్య. కౌంటరు దాటాక బ్యాగుకు మీ పేరుతో పనిలేదు, ఊరితో పనిలేదు. దారి పొడవునా యంత్రాలు చదివేది ఈ పది అంకెలనే. ట్యాగు ముద్రించిన క్షణంలోనే విమాన సంస్థ కంప్యూటర్ నుంచి బ్యాగుల వ్యవస్థకు ఒక సందేశం వెళ్తుంది: ఫలానా సంఖ్య ఉన్న బ్యాగు ఫలానా విమానానికి, ఫలానా ఊరికి అని. ఆ సందేశం అందకపోతే స్కానర్ ట్యాగును చక్కగా చదివినా బ్యాగును ఎటు పంపాలో యంత్రానికి తెలియదు.

కౌంటరు వెనుక బెల్టు మీద కిందికి జారిన బ్యాగు ముందుగా స్కానర్ల గుండా పోతుంది. ట్యాగు ఎటు తిరిగి ఉన్నా చదవడానికి స్కానర్లను చుట్టూ కమానులా అమరుస్తారు. చదవలేకపోతే బ్యాగు పక్కదారి పట్టి, ఒక మనిషి చేతి స్కానర్‌తో చదివే చోటుకు చేరుతుంది. ఇలా పక్కకు వెళ్లినవాటిని తిప్పి చూస్తే నాకు పదేపదే కనిపించింది ఒకటే. పాత ప్రయాణాల ట్యాగులో, చిన్న చిన్న బార్‌కోడ్ స్టిక్కర్లో తీయకుండా అలాగే వదిలేసి ఉంటారు. యంత్రానికి రెండు సంఖ్యలు కనిపిస్తాయి, ఏది నమ్మాలో తెలియక పక్కకు తోసేస్తుంది. పాత స్టిక్కర్లు పీకేయడానికి ఒక్క నిమిషం చాలు. కొత్త ట్యాగు కట్టేటప్పుడు బ్యాగు పక్కన అతికించే చిన్న స్టిక్కరును మాత్రం ఆ ప్రయాణం అయ్యేదాకా పీకకండి. బెల్టుల మధ్య ఇరుక్కుని పెద్ద ట్యాగు చిరిగిపోతే, బ్యాగు ఎవరిదో మాకు తెలిపేది ఆ చిన్న ముక్కే.

తర్వాత భద్రతా తనిఖీ. మొదట యంత్రం తనంతట తానే బొమ్మ తీసి చూస్తుంది. అనుమానం లేకపోతే బ్యాగు ఆగకుండానే ముందుకు పోతుంది. అనుమానం వస్తే ఒక మనిషి ఆ బొమ్మను తెర మీద చూస్తాడు. అప్పటికీ తేలకపోతే మరింత లోతైన తనిఖీ చేస్తారు, ఆఖరికి మిమ్మల్ని పిలిపించి మీ ఎదుటే తెరుస్తారు. మన తెలుగువాళ్ల బ్యాగుల్లో నేను ఎక్కువగా చూసినవి మూడు: బట్టల మధ్య మరిచిపోయిన పవర్ బ్యాంకు, అగరుబత్తీల పక్కన లైటరు, పూజకో వంటకో తీసుకెళ్లే ఎండుకొబ్బరి. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, నిప్పు అంటుకుంటే ఆగదు. అందుకే 2022 నుంచి మన దేశంలో దాన్ని చెక్-ఇన్ బ్యాగులో పెట్టనివ్వడం లేదు. పిలిచినప్పుడు మీరు వెళ్లకపోతే బ్యాగు అక్కడే ఆగిపోతుంది. దిగిన ఊళ్లో ఎంతసేపు నిలబడినా అది రాదు, ఎందుకంటే అసలు బయలుదేరనే లేదు.

ఏ ఇబ్బందీ లేని బ్యాగు కౌంటరు నుంచి ఇక్కడి దాకా రావడానికి పది నిమిషాలకు మించదు. అక్కడి నుంచే మీ ప్రశ్నకు అసలు జవాబు మొదలవుతుంది.

తనిఖీ దాటిన బ్యాగులు విమానాల వారీగా విడిపోయి, ట్రాలీలు నిలబెట్టిన చోటుకు చేరతాయి. ఇది ప్రయాణికులు ఎప్పుడూ చూడని పెద్ద హాలు. కింద సిమెంటు నేల, పైన బెల్టుల చప్పుడు, వరసగా నిలబెట్టిన ఇనుప ట్రాలీలు. ఒక లోడర్ ప్రతి బ్యాగు ట్యాగునూ చేతి యంత్రంతో చదివి, పచ్చదీపం వెలిగితేనే ట్రాలీలో పెడతాడు. ఏ బ్యాగు ఏ ట్రాలీలో ఎన్నోదిగా, ఏ నిమిషంలో పడిందో అంతా నమోదవుతుంది. ఎవరైనా ప్రయాణికుడు విమానం ఎక్కకపోతే అతని బ్యాగును వెతికి దించడానికి ఈ లెక్క కావాలి. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం పేలిపోయి 329 మంది చనిపోయారు. బాంబు ఉన్న ఆ బ్యాగు విమానంలో ఉంది, దాన్ని చెక్-ఇన్ చేసిన మనిషి మాత్రం విమానం ఎక్కలేదు. మనిషి లేని బ్యాగు ఎగరకూడదన్న నియమాన్ని ప్రపంచమంతా కఠినంగా పాటించడం ఆ తర్వాతే మొదలైంది. "ఒక ప్రయాణికుడి సామాను దించుతున్నాం, కాస్త ఆలస్యమవుతుంది" అని విమానంలో చెప్పినప్పుడు మాకు దారి చూపించేది ఈ ట్రాలీ లెక్కే.

మీరు రెండున్నర గంటల ముందు ఇస్తే మీ బ్యాగు మొదటి ట్రాలీలోకి వెళ్తుంది. కౌంటరు మూసే ముందు వచ్చినవాళ్ల బ్యాగు చివరి ట్రాలీలోకి వెళ్తుంది. విమానం వచ్చి పాత సామాను దించాక, ఈ ట్రాలీలన్నీ ట్రాక్టరు వెనుక రైలు పెట్టెల్లా విమానం దగ్గరకు వెళ్తాయి.

విమానం లోపల సామాను పెట్టే చోటును హోల్డ్ అంటాం. ఏ320 లాంటి విమానంలో ప్రయాణికుల కాళ్ల కింద రెండు పెద్ద హోల్డ్‌లు ఉంటాయి, రెక్కల ముందు ఒకటి, రెక్కల వెనుక ఒకటి. వాటి ఎత్తు 1.24 మీటర్లు, అంటే నాలుగడుగుల చిల్లర. అందులో మనిషి నిలబడలేడు. లోడర్ మోకాళ్ల మీద పాకుతూ, మెడ వంచి, ఒక్కో బ్యాగును లాగి లోపలికి తోస్తాడు. మే నెల మధ్యాహ్నం ఆ రేకు పెట్టెలో పావుగంట పనిచేస్తే చొక్కా పిండితే నీళ్లు కారతాయి. ఒక్క బ్యాగు 32 కిలోలు దాటకూడదన్న నిబంధన ఆ మోకాళ్ల మీద ఉన్న మనిషి నడుము కోసమే. బరువు దాటితే సామానును రెండు బ్యాగులుగా విడగొట్టమని అడిగినప్పుడు దయచేసి విసుక్కోకండి.

ముందు హోల్డ్ నింపాలా, వెనుకది నింపాలా అన్నది మా ఇష్టం కాదు. విమానం నేల మీద మూడు చక్రాల బండి. ముందు బరువు లేకుండా తోకవైపు మాత్రమే బరువు పెంచుతూ పోతే ముక్కు పైకి లేచి తోక నేలకు తగిలే ప్రమాదం ఉంది. అందుకే ఎక్కించేటప్పుడు ముందు హోల్డ్ మొదట, దించేటప్పుడు వెనుక హోల్డ్ మొదట అన్న క్రమం పాటిస్తాం. పొడవాటి విమానాల్లో దీన్ని మరింత పట్టుగా చూస్తాం. రెండు జట్లు ఉంటే రెండు తలుపులూ ఒకేసారి తెరుస్తాం. ఒకే జట్టు ఉంటే ఒకదాని తర్వాత ఒకటి.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. మీ బ్యాగు మొదటి ట్రాలీలో ఉంది. మొదటి ట్రాలీ ముందు హోల్డ్‌కు వెళ్లింది, అందులోనూ లోపలి గోడ దగ్గరకు. దిగిన చోట వెనుక హోల్డ్ అంతా ఖాళీ అయ్యాకే ముందు హోల్డ్ తలుపు తెరుచుకుంది. అందులోనూ మీ బ్యాగు అట్టడుగున ఉంది.

ఒక రాత్రి జరిగినది నిమిషాలతో సహా చెబుతాను. ఢిల్లీ నుంచి ఏ320 వచ్చింది, బ్యాగులు 118. వాటిలో 90 వెనుక హోల్డ్‌లో, 28 ముందు హోల్డ్‌లో. ఆ సమయానికి మా దగ్గర ఉన్నది ఒకే జట్టు, ఐదుగురు. రాత్రి 9:42కు ఇంజన్లు ఆగాయి. ఇంజన్లు ఆగినంత మాత్రాన దగ్గరకు పరుగెత్తడానికి వీల్లేదు. చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టాలి, విమానం పొట్ట కింద తిరిగే ఎర్రదీపం ఆరాలి, అప్పుడే అడుగు వేయాలి. 9:45కు వెనుక తలుపు తెరిచి బెల్టు లోడర్‌ను ఆనించాం. అది చక్రాల మీద నిచ్చెనలా వాలి ఉండే కదిలే బెల్టు. ఇద్దరు లోపలికి పాకారు, ఒకరు బెల్టు దగ్గర, ఇద్దరు ట్రాలీ దగ్గర నిలబడ్డారు. అలవాటైన చేతులు నిమిషానికి ఎనిమిది నుంచి పది బ్యాగులు దించుతాయి. 9:48కి ఇరవై ఐదు బ్యాగులు పడగానే ఆ ట్రాలీని నిండేదాకా ఆపకుండా పంపేశాను. 9:51కి మొదటి బ్యాగు ప్రయాణికులు ఎదురుచూసే బెల్టు మీద పడింది, అంటే ఇంజన్లు ఆగిన తొమ్మిది నిమిషాలకు.

వెనుక హోల్డ్ 9:56కు ఖాళీ అయింది. బెల్టు లోడర్‌ను తీసి, ముందుకు నడిపి, ముందు తలుపుకు ఆనించి, మళ్లీ మొదలుపెట్టేసరికి 9:59. బ్యాగులతో పాటు కొంత సరుకు కూడా అడ్డంగా ఉంది, దాన్ని ముందు దించాల్సి వచ్చింది. చివరి ట్రాలీ 10:05కు కదిలింది. 10:11కి చివరి బ్యాగు బెల్టు మీదకు వచ్చింది. ఇరవై తొమ్మిది నిమిషాలు.

ఆ చివరి బ్యాగు ఒక రిటైర్డ్ మాస్టారిది. ముదురు నీలం రంగు సూట్‌కేసు, పిడికి ఎర్ర రిబ్బను. ఆయన నన్ను పిలిచి, "బాబూ, నేను ఢిల్లీలో కౌంటరు తెరవగానే ఇచ్చాను, లైనులో నేనే మొదటివాణ్ణి, ఇదేం పద్ధతి?" అని అడిగారు. నాకూ తెలుసుకోవాలనిపించింది. ఢిల్లీలో ఉన్న మా వాళ్లకు ఫోను చేసి ట్రాలీ లెక్క తీయించాను. ఆయన బ్యాగు మొదటి ట్రాలీలో మూడోది. ఆ ట్రాలీ ముందు హోల్డ్‌కే వెళ్లింది. ఆయనకు కాగితం మీద విమానం బొమ్మ గీసి చూపించాను. "అయితే నేను ఆలస్యంగా వస్తే ముందు వస్తుందన్నమాట" అన్నారు.

అది కూడా పూర్తిగా నిజం కాదండి. అదే విమానంలో అందరికంటే చివర ఇచ్చిన బ్యాగు ఏదో కూడా చూశాను. అది వెనుక హోల్డ్ తలుపు పక్కనే ఉంది, కాబట్టి విమానం నుంచి అందరికంటే ముందు దిగింది. కానీ ముందు దిగిన బ్యాగు ట్రాలీలో అడుగున పడుతుంది. దాని మీద ఇంకో ఇరవై నాలుగు పేర్చాం. బెల్టు దగ్గర ట్రాలీని పైనుంచి ఖాళీ చేస్తారు. అందువల్ల ఆ బ్యాగు మొదటి ట్రాలీలోనే చివరగా, ఇరవై అయిదోదిగా వచ్చింది. వరస ఒక్కసారి కాదు, రెండు మూడు సార్లు తిరగబడుతుంది. ముందుగా ఇచ్చిన బ్యాగు ఆలస్యంగా వచ్చే అవకాశం ఎక్కువ అని చెప్పగలను కానీ, ఏ ఒక్క బ్యాగు ఎన్నోదిగా వస్తుందో ఎవరూ చెప్పలేరు. పైగా కొన్ని విమానాశ్రయాల్లో మరీ ముందుగా వచ్చిన బ్యాగులను విడిగా ఒక నిల్వ గదిలో ఉంచి, ఆ విమానం పని మొదలయ్యాక బయటికి తీస్తారు. అక్కడ వరస మళ్లీ కలిసిపోతుంది.

ఇది చదివి ఎవరూ ఆఖరి నిమిషం దాకా ఆగకండి. మన దేశీయ విమానాలకు కౌంటర్లు మామూలుగా బయలుదేరడానికి గంట ముందు మూస్తారు. ఆ సమయంలో ఇచ్చిన బ్యాగు తనిఖీలో ఒక్కసారి పక్కకు వెళ్లినా చివరి ట్రాలీ కదిలిపోతుంది. బెల్టు దగ్గర పది నిమిషాలు మిగుల్చుకోబోయి బ్యాగునే మరుసటి విమానానికి వదిలేసినట్టవుతుంది. గంటన్నర ముందు ఇవ్వడం నేను మా ఇంట్లోవాళ్లకు చెప్పే లెక్క.

సమయాన్ని ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో కూడా చెప్పాలి. మనం బెల్టు దగ్గరకు చేరినప్పటి నుంచి లెక్కపెడతాం, నియమం మాత్రం ఇంజన్లు ఆగినప్పటి నుంచి లెక్కిస్తుంది. 2024 ఫిబ్రవరిలో పౌర విమానయాన భద్రతా బ్యూరో ఏడు విమాన సంస్థలకు ఆదేశమిచ్చింది: ఇంజన్లు ఆగిన పది నిమిషాల్లో మొదటి బ్యాగు, ముప్ఫై నిమిషాల్లో చివరి బ్యాగు బెల్టు మీదకు రావాలని. నా అనుభవంలో మూడొంతుల ఆలస్యానికి కారణం మనుషులు, ట్రాక్టర్లు చాలకపోవడం. మూడు విమానాలు పది నిమిషాల తేడాతో వస్తే మూడోదాని తలుపు తెరిచే జట్టు అప్పటికి రెండోదాని దగ్గర మోకాళ్ల మీద ఉంటుంది. ఇలాంటప్పుడు లోడర్ మీద అరిచే ప్రయాణికుడిని చూస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. అరవాల్సిన చోటు అది కాదు. ఇంజన్లు ఆగిన సమయం, బ్యాగు వచ్చిన సమయం రాసి విమాన సంస్థకు ఫిర్యాదు పంపండి. ఆ రెండు అంకెలున్న ఫిర్యాదును తోసిపుచ్చడం కష్టం.

దీనికి ఒక మినహాయింపు ఉంది. జూన్ నుంచి అక్టోబరు దాకా మన దగ్గర సాయంత్రం ఉరుములు మెరుపులు మొదలైతే ర్యాంప్ మీద పని ఆపేయమని హెచ్చరిక వస్తుంది. మైదానం లాంటి ఆ చోట ఇనుప బెల్టు పక్కన నిలబడ్డ మనిషి పిడుగుకు ఎదురు నిలబడ్డట్టే. అప్పుడు విమానం తలుపు మూసి, అందరం లోపలికి వచ్చేస్తాం. బయట వాన తగ్గినట్టే కనిపించినా హెచ్చరిక ఎత్తేసేదాకా వెళ్లం. అలాంటి రోజు అరగంట లెక్క పనిచేయదు.

పెద్ద అంతర్జాతీయ విమానాల్లో పద్ధతి వేరు. దుబాయి, దోహా నుంచి వచ్చే బోయింగ్ 777 లాంటి వాటిలో బ్యాగులను విడివిడిగా పేర్చరు. ఒక మూల చెక్కినట్టుండే అల్యూమినియం పెట్టెల్లో నింపి, ఆ పెట్టెలనే ఎక్కిస్తారు. ఒక్కో పెట్టెలో దాదాపు 35 నుంచి 40 బ్యాగులు పడతాయి. బిజినెస్ తరగతి వాళ్లవి వేరే పెట్టె, వేరే విమానం మారేవాళ్లవి వేరే పెట్టె. దించేటప్పుడు పెట్టె తర్వాత పెట్టె వస్తుంది. అందుకే ఇక్కడ బ్యాగులు ధారగా రావు, విడతలుగా వస్తాయి. ఒక పెట్టె ఖాళీ అయ్యాక బెల్టు ఐదారు నిమిషాలు ఊరికే తిరుగుతుంది, తర్వాత మళ్లీ నలభై బ్యాగులు మీద పడతాయి. బెల్టు ఖాళీగా కనిపించగానే బ్యాగు పోయిందని కంగారుపడకండి. ఒకే కుటుంబానివి నాలుగు బ్యాగులు ఒకేసారి ఇస్తే మూడు ముందు వచ్చి, నాలుగోది పావుగంట తర్వాత రావడం మీరూ చూసే ఉంటారు. మూడోదానితో ఒక పెట్టె నిండిపోయి, నాలుగోది తర్వాతి పెట్టెలో పడి ఉంటుంది, అంతే.

ఈ విమానాల్లో తోక దగ్గర పెట్టెలు పట్టని చిన్న హోల్డ్ ఒకటి ఉంటుంది. పిల్లల తోపుడు బండ్లు, వీల్ చైర్లు, ఆకారం సరిగా లేని అట్టపెట్టెలు, ఆఖరి నిమిషంలో వచ్చిన బ్యాగులు అందులో వేస్తారు. గల్ఫ్ నుంచి వచ్చే మన కరీంనగర్, నిజామాబాద్, కడప వాళ్లు టీవీలు, దుప్పట్లు, పెద్ద అట్టపెట్టెలు తాళ్లతో బిగించి తెచ్చుకుంటారు. వాటిలో కొన్ని బెల్టు మలుపులో ఇరుక్కుంటాయని మామూలు బెల్టు మీద వేయరు, పక్కనున్న పెద్ద సామాను తలుపు నుంచి చేత్తో ఇస్తారు. రెండేళ్ల తర్వాత ఇంటికొచ్చిన మనిషి బెల్టు ముందు గంటసేపు నిలబడి, తన పెట్టె పది గజాల అవతల ఎదురుచూస్తోందని తెలియక కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను చూశాను. ఆ తలుపు ఎక్కడుందో దిగగానే అడిగి తెలుసుకోండి. పైగా మన దేశంలోకి వచ్చే బ్యాగులను బెల్టు మీదకు రాకముందే కస్టమ్స్ వాళ్లు ఎక్స్‌రేలో చూడవచ్చు. అనుమానం ఉన్నదాని మీద సుద్దముక్కతో గుర్తు పెడతారు. మీ బ్యాగు మీద అలాంటి గీత కనిపిస్తే తుడవకండి, బయటికి వెళ్లేటప్పుడు తెరిచి చూపమంటారు. తుడిచేస్తే లేని అనుమానం కూడా వస్తుంది.

ప్రయారిటీ ట్యాగు గురించి చాలామంది అడుగుతారు. దాన్ని విడిగా పేర్చి తలుపు దగ్గర పెడితే, దిగిన చోట వాళ్లు విడిగా తెస్తే, అది ముందే వస్తుంది. ఈ రెండు పనుల్లో ఏ ఒక్కటి జరగకపోయినా ఆ ట్యాగుకు విలువ లేదు. "జాగ్రత్త, పగిలేది" అన్న స్టిక్కరు వేయించుకుంటే ముందు వస్తుందని చెప్పేవాళ్లున్నారు. కొందరు లోడర్లు దాన్ని పైన పెడతారు కాబట్టి ఒక్కోసారి అలా జరుగుతుంది. దాన్ని నమ్ముకుని మాత్రం ఉండకండి.

ఇక బ్యాగు ఆలస్యమైందా, అసలు రాలేదా అని ఎలా తెలుస్తుంది? మీ విమానంలో వచ్చిన ముఖాలు చుట్టూ ఇంకా ఉన్నాయా చూడండి. పదిమంది ఉంటే ఇంకో ట్రాలీయో పెట్టెయో రావాల్సి ఉంది. ఇద్దరు ముగ్గురే మిగిలి, బెల్టు మీద అవే రెండు మూడు బ్యాగులు తిరుగుతుంటే, తెర మీద మీ విమానం సంఖ్య పక్కన చివరి బ్యాగు వచ్చేసిందని కనిపిస్తే, ఇక నిలబడి లాభం లేదు. ఒక్కసారి బెల్టు చుట్టూ నడిచి, పక్కకు తీసి నిలబెట్టిన బ్యాగుల్లో వెతకండి. మీ బ్యాగు లాంటిదే ఒకటి ఎవరూ తీసుకోకుండా మిగిలి ఉంటే, దాని యజమాని మీది పట్టుకెళ్లి ఉండవచ్చు. నల్ల సూట్‌కేసుల విషయంలో ఇది తరచుగా జరుగుతుంది.

అప్పుడు బయటికి వెళ్లకముందే ఆ విమాన సంస్థ సామాను కౌంటరులో ఫిర్యాదు రాయించండి. బోర్డింగ్ పాసు వెనుక అంటించిన చిన్న చీటీలోని పది అంకెలు ఇక్కడ కావాలి. వాళ్లు ఒక సంఖ్య ఇస్తారు. ముందు ఊరి మూడక్షరాలు, తర్వాత విమాన సంస్థ రెండక్షరాలు, ఆ తర్వాత ఐదు అంకెలు. శంషాబాద్‌లో ఎయిరిండియాకు రాయిస్తే `HYDAI` అని మొదలవుతుంది. ఆ సంఖ్య లేకుండా బయటికి రాకండి. అంతర్జాతీయ ప్రయాణాల్లో బ్యాగు దెబ్బతింటే ఏడు రోజుల్లో, ఆలస్యంగా అందితే చేతికొచ్చిన 21 రోజుల్లో రాతపూర్వకంగా అడగాలి, ఆ గడువు దాటితే హక్కు పోతుంది.

ఇలా రాని బ్యాగుల్లో చాలావరకు పోయినవి కావు, వెనుకబడినవి. విమానం మారే చోట మనిషి పరుగెత్తి గేటు అందుకుంటాడు, బ్యాగు అందుకోలేదు. దానికి అక్కడ రష్ అని రాసిన ట్యాగు కట్టి తర్వాతి విమానంలో పంపుతారు. ఆ ట్యాగు సంఖ్య రెండుతో మొదలవుతుంది. మనిషి వెంట లేకుండా ఎగిరే బ్యాగు కాబట్టి దాన్ని మళ్లీ తనిఖీ చేశాకే ఎక్కిస్తారు. అది దిగాక బెల్టు మీద పడదు, నేరుగా సామాను కౌంటరుకు వెళ్తుంది. లోపల మీ పేరు, ఫోను నంబరు రాసిన కాగితం ఒకటి బట్టల మీదే పెట్టి ఉంచండి. బయటి ట్యాగులన్నీ ఊడిపోయిన బ్యాగులను మేము చివరికి తెరిచి చూస్తాం. అలా తెరిచినప్పుడు పైనే ఒక కాగితం కనిపిస్తే ఆ సాయంత్రమే మీకు ఫోను వస్తుంది.